"ఆ తర్వాత ఆమె గురించి ఏమీ తెలియదు" అని రాసేముందు పిల్లవాడి మరణ నమోదు వెతకండి

పేరు లేకుండానో మగపేరుతోనో పుస్తకం వేసుకున్న రచయిత్రుల మీద వచ్చే వ్యాసాల్లో ఒక వాక్యం మాత్రం తప్పదు: "ఆ తర్వాత ఆమె జీవితం గురించి వివరాలు దొరకలేదు." దొరకలేదా, వెతకలేదా? చాలాసార్లు జరిగేదేమిటంటే, కలంపేరు పట్టుకుని నాలుగు గ్రంథాలయాల జాబితాలు తిరగేసి, అందులో లేదని ఫైలు మూసేస్తారు. కలంపేరుతో వెతికితే ఎందుకు దొరుకుతుంది? దొరక్కూడదనే కదా ఆవిడ పెట్టుకుంది.

ఆమె తన గురించి ఏం రాసుకుందో వెతకడం మానేసి, ఆమె గురించి గుమాస్తాలు ఏం రాసుకున్నారో వెతకాలి. పెళ్లి నమోదు చేసిన గుమాస్తా, జనాభా లెక్కలకొచ్చిన ఉద్యోగి, బీదలకిచ్చిన డబ్బుకు లెక్క రాసుకున్న ఊరి అధికారి, వీళ్లకి ఆమె రచయిత్రి అని తెలియదు. కాబట్టి దాచాలన్న ఆలోచనే వాళ్లకి రాదు. ఇది ఎంతదూరం తీసుకెళ్తుందో చూడాలంటే అమెరికా నల్లజాతి రచయిత్రి హారియెట్ విల్సన్ కంటే మంచి ఉదాహరణ లేదు.

1859లో బోస్టన్‌లో 'అవర్ నిగ్' అనే నవల వచ్చింది. రచయిత పేరుండాల్సిన చోట కూడా "అవర్ నిగ్" అనే ఉంది. కథలో ఫ్రాడో అనే పిల్లని ఆమె చాకిరీ చేసే ఇంటివాళ్లు పిలిచే అవమానకరమైన పేరది. తల్లి తెల్లావిడ, తండ్రి నల్లజాతివాడు. ఆరేళ్ల పిల్లని తల్లి ఒక తెల్లవాళ్ల ఇంట్లో వదిలేసి పోతుంది. పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా ఆ పిల్ల అక్కడ చాకిరీ చేస్తూ, తన్నులు తింటూ పెరుగుతుంది. ఇది బానిసత్వం ఉన్న దక్షిణాది కథ కాదు, "స్వేచ్ఛ" ఉన్న ఉత్తరాది కథ. పుస్తకాన్ని నూటపాతికేళ్ల దాకా దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకున్న కొద్దిమందిలోనూ, రాసింది తెల్లవాళ్లే అయుంటారని తేల్చేసినవాళ్లున్నారు. 1983లో సాహిత్య పరిశోధకుడు హెన్రీ లూయీ గేట్స్ దాన్ని మళ్లీ అచ్చు వేయించాకే లోకం దృష్టి దానిమీద పడింది.

మొదటి ఆధారం ముఖపత్రం వెనకాలే ఉంది. పేరు దాచుకున్నా కాపీరైట్ కావాలంటే చట్టప్రకారం ఎవరో ఒకరి పేరు ఇవ్వాలి. 1870 దాకా అమెరికాలో ఈ నమోదు ఏ జిల్లాకి ఆ జిల్లా ఫెడరల్ కోర్టు గుమాస్తా కార్యాలయంలో జరిగేది. ఆ తర్వాతే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి మారింది. అందుకే 1870కి ముందు పుస్తకానికి ఆ జిల్లా కోర్టు రిజిస్టరు చూడాలి. ఈ పుస్తకానికి ఇచ్చిన పేరు "మిసెస్ హెచ్. ఇ. విల్సన్". అంటే పెళ్లయింది, విల్సన్ అనేది భర్త ఇంటిపేరు.

రెండో ఆధారం పుస్తకం చివర జతచేసిన మూడు ఉత్తరాలు. రచయిత్రి మంచిదని, నిజం చెబుతోందని పరిచయస్తులు ఇచ్చిన హామీలవి. వాటిలో రెండింటి కింద పూర్తి పేర్లు కూడా లేవు, "అల్లిడా" లాంటివే. సాహిత్య విమర్శకులు ఇలాంటి అనుబంధాలు దాటేసి పోతారు. జీవితం వెతికేవాళ్లకి మాత్రం ఇవే ముఖ్యం. పెళ్లి చేసుకున్నవాడు వదిలేసి వెళ్లాడు, బీదల ఆశ్రమంలో ఆమెకి బిడ్డ పుట్టాడు, నెరిసిన జుట్టుని మళ్లీ నల్లబరిచే మందు తయారీ ఎవరో నేర్పారు, ఇవన్నీ అక్కడే ఉన్నాయి. ముందుమాటలో ఆమె అడిగింది కూడా అదే: పుస్తకం కొనండి, నా బిడ్డని పోషించుకోవాలి.

ఆ బిడ్డే దారి చూపించాడు. 1860 ఫిబ్రవరిలో, పుస్తకం వచ్చి ఆర్నెల్లు కాకముందే, న్యూ హ్యాంప్‌షైర్ రాష్ట్రంలోని మిల్‌ఫర్డ్‌లో జార్జ్ మేసన్ విల్సన్ అనే ఏడేళ్ల పిల్లవాడు జ్వరంతో చనిపోయాడు. గేట్స్ బయటికి తీసిన ఆ మరణ నమోదులో పిల్లవాడి తల్లిదండ్రులు హారియెట్ ఇ. విల్సన్, థామస్ విల్సన్ అని ఉంది. రంగు అన్న చోట నల్లజాతి అని ఉంది. రచయిత తెల్లవాళ్లా కాదా అని శైలి మీద ఎంత వాదించినా తేలని విషయాన్ని ఆ ఒక్క గడి తేల్చింది. శైలి చూసి జాతి చెప్పేవాళ్లు, శైలి చూసి ఆడో మగో చెప్పేవాళ్లు ఇక్కడొక నిమిషం ఆగండి. శైలి అనుమానానికి పనికొస్తుంది, సాక్ష్యానికి పనికిరాదు.

ఆ నమోదు ఒక్కటే ఉంటే నేనూ నమ్మను. విల్సన్ అనే ఇంటిపేరు అమెరికాలో కొల్లలు. దాన్ని నిలబెట్టింది మిగతా గొలుసు. 1851లో మిల్‌ఫర్డ్‌లో థామస్ విల్సన్‌కి హారియెట్ ఆడమ్స్‌కి పెళ్లి జరిగింది. అలా పుట్టింటి పేరు దొరికింది. ఆ పేరుతో ఏడాది వెనక్కి వెళ్తే 1850 జనాభా లెక్కల్లో మిల్‌ఫర్డ్‌లోనే ఒక ఇంట్లో హారియెట్ ఆడమ్స్, వయసు 22, నల్లజాతి. పిల్లవాడి వయసు లెక్కేస్తే 1852లో పుట్టుండాలి, పెళ్లి తేదీకి అది సరిపోతుంది. మూడు వేరువేరు సందర్భాల్లో, వేరువేరు పనుల కోసం రాసిన కాగితాలు ఒకే మనిషిని చూపిస్తే అప్పుడు నమ్మాలి.

1850కి ముందు ఈ పద్ధతి సాగదు. అమెరికా జనాభా లెక్కల్లో ఇంట్లో ఉన్న స్వేచ్ఛాజీవులందరి పేర్లూ రాయడం ఆ ఏడాదే మొదలైంది. అంతకుముందు ఇంటిపెద్ద పేరొక్కటే, మిగతావాళ్లు గడుల్లో అంకెలు. పనిపిల్ల పేరు 1840 లెక్కల్లో లేదని "ఆధారం లేదు" అని రాసేవాళ్లకి ఆ ఫారం ఎలా ఉండేదో తెలియదన్నమాట.

తప్పుదారి పట్టేది కూడా ఇక్కడే. 1860 బోస్టన్ లెక్కల్లో హారియెట్ ఇ. విల్సన్ అనే నల్లజాతి స్త్రీ ఉంది. పేరు, మధ్య అక్షరం, ఊరు, జాతి అన్నీ కలిశాయి. కానీ వయసు 52, పుట్టింది వర్జీనియాలో. పుస్తకం చదివినవాళ్లకి వెంటనే గుచ్చుకోవాలి: ఉత్తరాదిలో పుట్టి పెరిగిన పనిపిల్ల కథకి ఈ వివరాలు అతకవు. ఆమె వేరే మనిషి. పేరు కలిసినంత మాత్రాన అతికించేయకూడదు. వయసు, పుట్టిన చోటు, బంధువు, వీటిలో కనీసం రెండు కలవాలి. వయసులో రెండుమూడేళ్ల తేడా మామూలే. హారియెట్ వయసు కూడా 1850 లెక్క ప్రకారం ఒకటి, ఆమె సొంత మరణ నమోదులో పుట్టిన ఏడాదిగా రాసిన 1825 ప్రకారం ఇంకొకటి. చెప్పింది ఆమేనా, ఇంటి యజమానా, శవాన్ని అప్పగించినవాళ్లా అన్నదాన్ని బట్టి మారుతుంది. ఇరవై ఏళ్ల తేడా వస్తే మాత్రం మనిషే వేరు.

తర్వాతి మలుపు 1993లో బార్బరా వైట్ అనే పరిశోధకురాలు తిప్పారు. ఆమె రచయిత్రిని వదిలి, రచయిత్రిని కొట్టినవాళ్ల ఇంటిని వెతికారు. నవలలో ఫ్రాడోని హింసించిన బెల్‌మాంట్ కుటుంబం నిజానికి మిల్‌ఫర్డ్‌లోని నెహెమయా హేవర్డ్ కుటుంబమని తేల్చారు. ఆస్తి ఉన్నవాళ్లకి పన్ను లెక్కలు, వీలునామాలు, సమాధిరాళ్లు, ఊరి చరిత్రలో వంశావళి అన్నీ ఉంటాయి. పనిపిల్లకి ఏవీ ఉండవు. అందుకే పనిమనిషి జీవితం కావాలంటే యజమాని కాగితాలు తియ్యాలి. ఆ ఇంటావిడ రెబెకా హచిన్సన్ ఇంటి ఆడపడుచు. ఆ హచిన్సన్లే బానిసత్వానికి వ్యతిరేకంగా ఊరూరా పాటలు పాడి పేరు తెచ్చుకున్న గాయక కుటుంబం. బానిసత్వ వ్యతిరేకులైన మంచి మిత్రులకి తలవంపులు తెచ్చేవి కావాలనే వదిలేశానని హారియెట్ ముందుమాటలో ఎందుకందో, పేరెందుకు దాచుకుందో ఇప్పుడు అర్థమవుతోందా?

నాకు అసలు కోపం వచ్చేది దీని తర్వాతి భాగం మీద. మిల్‌ఫర్డ్ ఊరి బీదల సాయం లెక్కల్లో ఆమె పేరు 1860ల మొదట్లో ఆగిపోతుంది. దాంతో చాలామంది ఆమె చనిపోయి ఉంటుందనుకున్నారు. ఎందుకు? పుస్తకం విషాదంగా ఉంది, ఆమెకి ఆరోగ్యం లేదు, కొడుకు పోయాడు, ఇక బతికి ఏం చేస్తుందిలే అన్న ఊహ తప్ప కాగితం ఒక్కటీ లేదు. సాయం లెక్కల్లో పేరు పోయిందంటే సాయం అవసరం తీరిందనీ కావచ్చు, ఊరు మారిందనీ కావచ్చు. చావు అన్నది మూడో అవకాశం, దానికి విడిగా రుజువు కావాలి.

పరిశోధకులు పి. గాబ్రియెల్ ఫోర్‌మన్, రెజినాల్డ్ పిట్స్ ఈ నవలకి వేసిన 2005 నాటి కూర్పులో చూపించింది అదే. ఆమె ఇంకో ముప్పై ఏడేళ్లు బతికింది. పేరు హారియెట్ బదులు హ్యాటీ అయింది. ఆత్మలతో మాట్లాడే మీడియంగా, వేదికల మీద ఉపన్యాసకురాలిగా బోస్టన్‌లో పేరు తెచ్చుకుంది. ఆత్మవాదుల పత్రిక 'బ్యానర్ ఆఫ్ లైట్'లో ఆమె ప్రకటనలు, సభల వార్తలు వచ్చాయి. ఇన్నేళ్లూ అందరూ సాహిత్య పత్రికలు, బానిసత్వ వ్యతిరేక పత్రికలు తిరగేశారు. ఆమె ఉన్నది ఇంకో పత్రికలో! ఉత్తరాల్లో చెప్పిన జుట్టు మందు కూడా కట్టుకథ కాదు. మిసెస్ విల్సన్ పేరుతో ఆ సీసాలు అమ్ముడయ్యాయి.

ఇలాంటి పాత పత్రికలు ఇప్పుడు iapsop.com లో ఉచితంగా దొరుకుతాయి, జనన మరణ నమోదులు familysearch.org లో దొరుకుతాయి. వెతికేటప్పుడు పూర్తి పేరు ఒక్కటే కొట్టి వదిలేయకండి. ఇలా విడివిడిగా కొట్టండి:

```
"Hattie E. Wilson"
"Mrs. H. E. Wilson"
"Hattie Wilson" medium
"Hattie Robinson"
```

ఆఖరిది ఎందుకంటే 1870లో ఆమె బోస్టన్‌లో జాన్ గాలటిన్ రాబిన్సన్‌ని రెండో పెళ్లి చేసుకుంది. ఆడమ్స్, విల్సన్, రాబిన్సన్: ఒకే మనిషికి మూడు ఇంటిపేర్లు. 1890 జనాభా లెక్కలు 1921 అగ్నిప్రమాదం తర్వాత దాదాపు మిగల్లేదు కాబట్టి, 1880కి 1900కి మధ్య ఖాళీని ఏటా అచ్చయ్యే నగర డైరెక్టరీలతో పూడ్చుకోవాలి. 1900 జూన్ 28న క్విన్సీ ఆసుపత్రిలో చనిపోయింది. సమాధి కూడా కాబ్ అనే వేరే కుటుంబం స్థలంలో ఉంది. అందుకే రాళ్ల మీద పేర్లు చదువుకుంటూ పోకుండా శ్మశానవాటిక రిజిస్టరు అడగాలి.

మన రచయిత్రుల దగ్గరికొస్తే ఈ గొలుసు ఇలాగే కుదరదు. 1886 చట్టం కింద జనన మరణ నమోదు ఇష్టమైతే చేసుకునేది, దేశమంతటా తప్పనిసరి అయింది 1969 చట్టంతోనే. మరణ ధ్రువపత్రం దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు. కానీ బోస్టన్ కోర్టు రిజిస్టరుకి సాటివచ్చేది మనకీ ఒకటుంది. 1867 ముద్రణ చట్టం ప్రకారం మద్రాసు ప్రెసిడెన్సీలో అచ్చయిన పుస్తకాలకి మూడు నెలలకోసారి ప్రభుత్వం జాబితా వేసేది. అందులో ముద్రాపకుడు, ప్రతుల సంఖ్య, వెలతో పాటు కాపీరైట్ హక్కుదారు పేరు, నివాసం అన్న గడి కూడా ఉంది. అట్ట మీద "ఒక హిందూ స్త్రీ" అని ఉన్నా ఆ గడిలో భర్త పేరో, అన్నగారి పేరో, ఊరో ఉండొచ్చు. ఆ ఊరు దొరికితే అక్కడి రిజిస్ట్రారు కార్యాలయంలో ఆ కుటుంబం దస్తావేజులు అడగొచ్చు. ఆస్తి పంపకాల్లో, దానపత్రాల్లో ఆడవాళ్ల పేర్లు ఫలానావారి భార్య, ఫలానావారి కుమార్తె అని రెండు ఇంటిపేర్లతో దొరికే అవకాశం ఉంది. ఆ గడి చూడకుండా మాత్రం దయచేసి "వివరాలు దొరకలేదు" అని రాయకండి.