కొలాజెన్ డబ్బా మీది ప్రోటీన్ అంకె ఏం దాస్తోంది?

మా పిన్ని పోయినేడాది పొద్దున్నే తినే రెండు ఉడికించిన గుడ్లు మానేసింది. వాటి బదులు గోరువెచ్చటి నీళ్లలో రెండు చెంచాల కొలాజెన్ పొడి, అంటే జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే ప్రోటీన్ పొడి, కలుపుకుని తాగడం మొదలుపెట్టింది. ఆవిడ లెక్క ఆవిడకుంది. రెండు గుడ్లలో ప్రోటీన్ సుమారు 12 గ్రాములు, డబ్బా మీద రాసింది 18 గ్రాములు. పైగా చర్మం బిగుతుగా అవుతుందని చెప్పారు. ఒక దెబ్బకు రెండు పిట్టలు.

ఇక్కడ నిజానికి రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. కొలాజెన్ మంచి ప్రోటీనేనా? తాగితే చర్మానికి మేలు జరుగుతుందా? అమ్మేవాళ్లు ఈ రెండింటినీ ఒకే డబ్బాలో పెట్టి అమ్ముతున్నారు. మొదటి ప్రశ్నకు జవాబు తేలిపోయి చాలా కాలమైంది. రెండోదాని మీద వాదన ఇంకా నడుస్తోంది.

ప్రోటీన్లు అమైనో ఆమ్లాలతో తయారవుతాయి. వాటిలో తొమ్మిదింటిని మన ఒళ్లు సొంతంగా తయారు చేసుకోలేదు, తిండి నుంచే రావాలి. కొలాజెన్‌లో ఆ తొమ్మిదిలో ఒకటైన ట్రిప్టోఫాన్ బొత్తిగా లేదు. తక్కువ ఉండటం కాదు, సున్నా. మిథియోనిన్ కూడా చాలా కొద్దిగానే ఉంటుంది.

ఇందుకు కారణం కొలాజెన్ అల్లికలోనే ఉంది. మూడు పోగులు జడలాగా ఒకదాని చుట్టూ ఒకటి మెలిపడి ఈ ప్రోటీన్ ఏర్పడుతుంది. జడ నడిమధ్యన చోటు ఎంత ఇరుకంటే, అమైనో ఆమ్లాలన్నింటిలో చిన్నదైన గ్లైసిన్ తప్ప మరేదీ అక్కడ పట్టదు. అందుకే ప్రతి పోగులోనూ మూడింట ఒకటి గ్లైసినే. మిగిలిన చోట్లలో చాలావాటిని ప్రోలిన్, హైడ్రాక్సీప్రోలిన్ ఆక్రమిస్తాయి. చర్మాన్నీ, ఎముకనూ, స్నాయువునూ పట్టి ఉంచే తాడుగా ఇది అద్భుతమైన నిర్మాణం. తాడుకు కావాల్సింది బలం. తినేవాళ్లకు ఏం కావాలో దానికి పట్టదు.

జెలటిన్ అంటే వేరే పదార్థమేం కాదు. చర్మాన్నో ఎముకలనో నీళ్లలో చాలాసేపు ఉడికిస్తే ఆ జడ విడిపోతుంది. చల్లారాక మళ్లీ అడ్డదిడ్డంగా చిక్కుపడి జెల్లీలా గడ్డకడుతుంది. ఆ పోగులనే ఎంజైములతో ఇంకా చిన్న ముక్కలుగా కోస్తే డబ్బాలో వచ్చే కొలాజెన్ పెప్టైడ్ పొడి అవుతుంది. ఇది చన్నీళ్లలో కూడా కరుగుతుంది, ఫ్రిజ్‌లో పెట్టినా గడ్డకట్టదు. ఇంట్లో ఉన్నది ఏదో తేల్చుకోవాలంటే వేడి నీళ్లలో కొంచెం చిక్కగా కలిపి చల్లబరిచి చూస్తే చాలు. ఉడికించినా, కోసినా, లేని ట్రిప్టోఫాన్ మాత్రం ఎక్కడినుంచీ రాదు.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కూడా కాదు. 19వ శతాబ్దం మొదట్లో పారిస్‌లో ఎముకలు ఉడికించి తీసిన జెలటిన్ పులుసును ఆసుపత్రుల్లో, పేదలకు మాంసం బదులు పోసేవారు. అది నిజంగా తిండేనా అని తేల్చడానికి ఫ్రెంచ్ సైన్స్ అకాడమీ ఒక కమిటీ వేసింది. ఫ్రాన్సువా మజాందీ నాయకత్వంలో ఆ కమిటీ ఏళ్ల తరబడి కుక్కలకు రకరకాల మేతలు పెట్టి, 1841లో నివేదిక ఇచ్చింది. జెలటిన్ ఒక్కటే పెట్టిన కుక్కలు చిక్కి శల్యమై చచ్చిపోయాయి. ఎందుకో అప్పటికి ఎవరికీ తెలియదు. ట్రిప్టోఫాన్‌ను కనుక్కున్నది మరో అరవై ఏళ్లకు, 1901లో.

పిన్ని లెక్కకు వద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం మనిషికి రోజుకు కిలో బరువుకు 4 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ కావాలి. 55 కిలోల మనిషికి 220 మిల్లీగ్రాములు. రెండు గుడ్లలో సుమారు 160 దొరుకుతుంది. అంటే రోజు అవసరంలో సగానికి పైగా టిఫిన్‌తోనే తీరేది. ఇప్పుడు ఆ పూట వచ్చేది సున్నా. కాగితం మీద ప్రోటీన్ 12 నుంచి 18కి పెరిగింది, ఒంటికి పనికొచ్చేది తగ్గింది. కొత్త ప్రోటీన్ కట్టడానికి తొమ్మిదీ ఒకేసారి చేతికందాలి. ఒకటి కరువైతే మిగతావాటిని శరీరం దాచిపెట్టుకోలేదు, శక్తి కోసం కాల్చేసి అందులోని నత్రజనిని యూరియాగా మూత్రంలో పంపేస్తుంది.

“బియ్యం ప్రోటీన్ కూడా అసంపూర్ణమే కదా, పప్పు ప్రోటీన్ కూడా అంతే కదా” అని ఆవిడే అడిగింది. సరైన ప్రశ్నే. బియ్యంలో లైసిన్ తక్కువ, పప్పులో అది దండిగా ఉంది. పప్పులో మిథియోనిన్ తక్కువ, ఆ లోటును అన్నం పూడుస్తుంది. పప్పన్నం నిలబడింది ఈ ఇచ్చిపుచ్చుకోవడం మీదే. కొలాజెన్ ఈ పంక్తిలో కూర్చుంటే ఏం తెస్తుంది? కాస్త లైసిన్ తెస్తుంది, అది పప్పులో ఎలాగూ ఉంది. పప్పుకు కరువైన మిథియోనిన్ దీని దగ్గరా అంతంతమాత్రమే. చుట్టం ఖాళీ చేతులతో వచ్చినట్టే.

అందుకే ప్రోటీన్ నాణ్యతకు ఇచ్చే మార్కుల్లో కొలాజెన్‌కు సున్నా వస్తుంది. ఆ మార్కులు వేసేటప్పుడు అన్నింటికంటే తక్కువున్న అమైనో ఆమ్లాన్నే లెక్కలోకి తీసుకుంటారు. గుడ్డుకూ పాలకూ పూర్తి మార్కులు. అమెరికాలో ప్యాకెట్ మీద ప్రోటీన్ గురించి గొప్పగా చెప్పుకుంటే, నాణ్యతను బట్టి సవరించిన రోజువారీ శాతాన్ని కూడా వేయాలి. అక్కడున్న మనవాళ్లు డబ్బా తిప్పి చూస్తే, ముందువైపు పెద్ద అంకె, వెనకవైపు ఆ శాతం దగ్గర సున్నా కనిపించవచ్చు.

ఆ పెద్ద అంకె వెనక ఇంకో మెలిక ఉంది. ప్రయోగశాలలో మామూలుగా ప్రోటీన్‌ను నేరుగా కొలవరు. నత్రజనిని కొలిచి దాన్ని 6.25తో హెచ్చిస్తారు. గ్లైసిన్ ఎక్కువున్న కొలాజెన్‌లో నత్రజని పాలు మామూలు ప్రోటీన్ల కంటే ఎక్కువ కాబట్టి దీనికి వాడాల్సిన అంకె 5.55. పాత అంకెతోనే హెచ్చిస్తే ప్రోటీన్ ఉన్నదానికంటే ఎనిమిదో వంతు ఎక్కువగా కనిపిస్తుంది.

కండరం విషయంలో తేడా మనుషుల్లోనే చూశారు. 2020లో వచ్చిన ఒక కెనడా అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న 22 మంది పెద్ద వయసు ఆడవాళ్లలో కొందరికి పాలు విరిగితే మిగిలే నీటి నుంచి తీసే వే ప్రోటీన్, కొందరికి కొలాజెన్, రోజుకు రెండుసార్లు 30 గ్రాముల చొప్పున ఆరు రోజులు ఇచ్చారు. ఆ రోజుల్లో కండరంలో కొత్త ప్రోటీన్ తయారయ్యే వేగం వే తాగినవాళ్లలో పెరిగింది, కొలాజెన్ తాగినవాళ్లలో పెరగలేదు. వయసు పైబడుతూ కండ కరుగుతున్న మా పిన్ని లాంటివాళ్లు గమనించాల్సింది ఇదే. గుడ్లూ పెరుగూ పప్పూ సరిపడా తింటూ పైన ఒక చెంచా కొలాజెన్ వేసుకుంటే నష్టమేమీ లేదు. వాటిని తీసేసి ఆ చోట దీన్ని పెట్టడంతోనే చిక్కు.

ఇక చర్మం సంగతి. దీని మీద రెండు మాటలు వినిపిస్తాయి. తాగిన కొలాజెన్ గోడకు సిమెంటు పూసినట్టు ముడతల్లోకి వెళ్లి కూర్చుంటుందని ఒకరు. కడుపులో అంతా అరిగిపోతుంది, చర్మం దాకా పోయేదేమీ ఉండదని ఇంకొకరు. నాకు రెండూ తొందరపాటు మాటలుగానే కనిపిస్తాయి.

మొదటిది ఎందుకు తప్పంటే, కొలాజెన్‌కు ప్రత్యేకమైన హైడ్రాక్సీప్రోలిన్‌ను మన కణాలు తిండి నుంచి తీసుకుని పోగులో అమర్చలేవు. ముందు మామూలు ప్రోలిన్‌తో పోగు అల్లి, ఆ తర్వాత అక్కడికక్కడే దాన్ని మారుస్తాయి. ఆ మార్పుకు విటమిన్ సి కావాలి. అది బాగా లోపిస్తే చిగుళ్ల నుంచి రక్తం కారే స్కర్వీ జబ్బు వచ్చేది ఇందుకే. రెండో మాట కూడా పూర్తిగా నిలవదు. ప్రోలిన్, హైడ్రాక్సీప్రోలిన్ జంటగా ఉన్న చిన్న ముక్క ఒకటి అరుగుదలను తట్టుకుని రక్తంలోకి చేరుతుందని 2005లో జపాన్ పరిశోధకులు మనుషుల్లోనే కొలిచి చూపించారు. కొలాజెన్ విరుగుతోందన్న సంకేతంగా ఆ ముక్కను చర్మ కణాలు తీసుకుని, కొత్తది తయారు చేయడానికి పూనుకుంటాయని ఊహ. ప్రయోగశాల గిన్నెలో పెంచిన ఎలుక చర్మ కణాలు దానికి స్పందించాయి. గిన్నెలోని ఎలుక కణం నుంచి మనిషి బుగ్గ దాకా చాలా దూరముంది.

మనుషుల మీద జరిగిన పరీక్షల్లో ఎక్కువగా ప్రస్తావించేది 2014 నాటి జర్మన్ అధ్యయనం. 35 నుంచి 55 ఏళ్ల ఆడవాళ్లు 69 మంది. కొందరికి రోజుకు 2.5 గ్రాములు, కొందరికి 5 గ్రాములు, మిగిలినవాళ్లకు ఉత్తుత్తి పొడి, ఎనిమిది వారాలు. కొలాజెన్ తాగినవాళ్లలో చర్మం సాగి మళ్లీ బిగుసుకునే గుణం మెరుగైంది. ఇలాంటివి తర్వాత చాలా వచ్చాయి. 2023లో 26 పరీక్షలను, మొత్తం 1,721 మందిని కలిపి లెక్కిస్తే తేమా సాగే గుణమూ పెరిగాయని తేలింది. ప్రకటనలు ఇక్కడే ఆగిపోతాయి.

2025లో ఇద్దరు కొరియా పరిశోధకులు 23 పరీక్షలను తీసుకుని మళ్లీ లెక్కగట్టారు. అన్నింటినీ కలిపితే వాళ్లకూ మేలే కనిపించింది. అప్పుడు డబ్బు ఎవరు పెట్టారో చూసి వేరుచేశారు. కంపెనీల సొమ్ముతో జరిగినవాటిలో తేమ, సాగే గుణం, ముడతలు అన్నీ మెరుగయ్యాయి. కంపెనీ సొమ్ము లేనివాటిలో ఏదీ మెరుగు కాలేదు. నాణ్యతను బట్టి విడదీసినా దాదాపు అదే కథ, పకడ్బందీగా జరిగిన పరీక్షల్లో ప్రభావం మాయమైంది. ఎవరో మోసం చేశారని దీని అర్థం కాదు. నచ్చని ఫలితం వచ్చిన పరీక్ష సొరుగులోనే ఉండిపోవచ్చు, పది కొలతల్లో బాగున్న రెండింటినే బయటపెట్టవచ్చు. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2013లోనే ఒక కొలాజెన్ ఉత్పత్తి చర్మం గురించి చేసుకున్న దావాను పరిశీలించి, కారణానికీ ఫలితానికీ సంబంధం రుజువు కాలేదని తిప్పికొట్టింది.

కొలిచే తీరు కూడా చూడాలి. సాగే గుణాన్ని కొలవడానికి ఒక చిన్న గొట్టాన్ని చర్మం మీద పెట్టి గాలి పీలుస్తారు. చర్మం ఎంత పైకి లేచింది, వదిలేశాక ఎంత వెనక్కి పోయింది అని యంత్రం చెబుతుంది. దానికి తెలిసిన తేడా అద్దంలో తెలియాలని లేదు. తేమ కొలతనైతే గదిలోని గాలి, ఋతువు కూడా మారుస్తాయి. పైగా చాలా పొడుల్లో విటమిన్ సి, హయలురోనిక్ ఆమ్లం వంటివి కలుస్తాయి కాబట్టి, మెరుగు కనిపించినా దాన్ని దేని ఖాతాలో వేయాలో తెలియదు.

నా అభిప్రాయం అడిగితే, చర్మం విషయంలో తలుపు పూర్తిగా మూసుకుపోలేదు కానీ నెలకు వేలు పోసేంత సాక్ష్యం లేదు. ఎండ నుంచి కాపాడుకుంటే చర్మం ముసలితనం నెమ్మదిస్తుందనడానికి ఇంతకన్నా గట్టి ఆధారాలున్నాయి. అయినా తాగి చూడాలనిపిస్తే 2.5 నుంచి 10 గ్రాములు, మూడు నెలలు, అదే కిటికీ వెలుగులో ముందొక ఫొటో, తర్వాతొక ఫొటో. తేడాను ఇంట్లోవాళ్లు ఎవరూ కనిపెట్టలేకపోతే అక్కడితో ఆపేయవచ్చు.

ఇదంతా విని పిన్ని గుడ్లకు తిరిగొచ్చింది. సగం మిగిలిన డబ్బాను పారేయడానికి మనసొప్పక ఉదయం కాఫీలో ఒక చెంచా వేసుకుంటోంది. “మరి పాయా సంగతేంటి?” అని అడిగింది. రాత్రంతా ఉడికిన ఆ మేక కాళ్ల పులుసు ఫ్రిజ్‌లో పెడితే గడ్డకట్టేది జెలటిన్ వల్లే. పరీక్షల్లో వాడింది మాత్రం కోసిన పెప్టైడ్ పొడిని, గిన్నెలో జెలటిన్ ఎంతుందో ఎవరూ కొలిచి పోయరు. కాబట్టి ఆ ఫలితాలను పాయాకు అంటగట్టలేం. అయితే పాయాను ఎవరూ గ్రాముల లెక్కన తాగరు, దానికోసం గుడ్లూ మానేయరు.