1990 జనవరి 1న పుట్టిన మహానుభావుడు

పుట్టిన తేదీ అడిగే ప్రతి ఫారమ్‌నూ ముందుగా నింపేవాడు ఒకడున్నాడు. పుట్టింది 1990 జనవరి 1న. పేరు టెస్ట్, ఇంటిపేరూ టెస్టే. ఆయన పాసయితే మానవజాతి మొత్తం పాసయినట్టేనని టెస్టింగ్ శాఖల దృఢ విశ్వాసం.

శ్రద్ధ ఎక్కువైనవాళ్లు బౌండరీ వాల్యూల జోలికీ వెళ్తారు. రూలు "18 నుంచి 60 ఏళ్లు" అంటే 17, 18, 60, 61 వేస్తారు. వయసును అంకెగా అడిగే పెట్టెకు అవి సరిపోతాయి. పుట్టిన తేదీకి కూడా అవే అంకెలను ఈరోజులోంచి తీసేయడంతోనే వస్తుంది తంటా.

ఈరోజు 2026 మార్చి 1 అనుకుందాం. 2008 మార్చి 1న పుట్టినవాడు లోపలికి, మార్చి 2న పుట్టినవాడు బయటికి. ఇక్కడిదాకా బాగుంది. రెండో అంచుగా 1966 మార్చి 1 రాసి సంతృప్తి చెందుతారు. ఆ మనిషికి 60 నిండింది ఈరోజే. ఇంకో ఏడాది పాటు ఆయన వయసు 60గానే ఉంటుంది. అంటే ఆ తేదీ అంచున లేదు, చెల్లే ఈక్వివలెన్స్ క్లాస్ నడిమధ్యన కాలు చాపుకుని పడుకుంది. అసలు అంచు 1965 మార్చి 2. దానికి ముందు రోజు పుట్టినవాడికి ఈరోజు 61 నిండాయి, బయటికే. "60 ఏళ్లు" అంటే 60 నిండగానే తలుపు మూయాలా, 61 నిండేదాకా తెరిచి ఉంచాలా అని రూలు రాసినవాళ్లను అడగొచ్చు. అడిగితే మీటింగు పెడతారు గనక ఎవరూ అడగరు.

ఇక వయసు లెక్క. రోజులను 365తో భాగించడం మన పురాతన సంప్రదాయం. 2008 మార్చి 5 నుంచి 2026 మార్చి 1 వరకు సరిగ్గా 6570 రోజులు. భాగిస్తే నిఖార్సైన 18. నాలుగు రోజులు తక్కువైనవాడు దర్జాగా లోపలికొచ్చాడు. మధ్యలో నాలుగు ఫిబ్రవరి 29లు వచ్చాయని 365కి తెలియదు మరి. తెలివిమీరి 365.25 పెడితే, ఈరోజే 18 నిండినవాడి 6574 రోజులు 17.9986 అవుతాయి. పుట్టినరోజు నాడే గెంటేస్తాం. అంచు తేదీనీ, దాని మర్నాటినీ పరీక్షిస్తే చాలు, ఈ రెండు బగ్‌లూ దొరికిపోతాయి.

2008 ఫిబ్రవరి 29న పుట్టినవాడి సంగతి మరీ విడ్డూరం. 2026 ఫిబ్రవరి 28న జావాను రెండు విధాలుగా అడగండి:

```java
dob.plusYears(18)             // 2026-02-28
Period.between(dob, today)    // P17Y11M30D
```

మొదటిది ఈరోజే 18 అంటుంది, రెండోది ఇంకా 17 అంటుంది. ఒకే లైబ్రరీ, రెండు తీర్పులు. స్క్రీన్ ఒకదాన్ని, సర్వర్ ఇంకోదాన్ని వాడితే ఆ కుర్రాడు ఫారమ్ దాటి డేటాబేస్ గుమ్మంలో ఆగిపోతాడు. ఏది సరైనదో కోడ్ తేల్చదు, రూలే చెప్పాలి.

ఇన్ని తేదీలూ ఏరి టెస్టులో రాశాక, "ఈరోజు"ను సిస్టమ్ గడియారానికి వదిలేయడం ఆనవాయితీ. టెస్టుకు 2026 మార్చి 1 అని విడిగా అందించాలన్నది ఛాదస్తుల మాట. మర్నాడు 2008 మార్చి 2 వాడికి 18 నిండుతాయి, టెస్టు ఎర్రబడుతుంది, కోడ్ మీద బగ్ నమోదవుతుంది. ఆ కుర్రాడు చేసిన నేరమల్లా ఒక్క రోజు పెరగడం.