రిజర్వులు ఉన్నంత మాత్రాన డబ్బు ఉన్నట్టు కాదు
“రిజర్వుల్లో కోట్లు పెట్టుకుని డివిడెండ్ ఇవ్వకపోవడం వాటాదారుల్ని మోసం చేయడమే” అన్నారు మీరు మీ వ్యాసంలో. అంత తేలిగ్గా తేల్చేయలేం. రిజర్వులంటే పంచకుండా కంపెనీలోనే ఉంచిన లాభాలు, బ్యాలెన్స్ షీటులో అప్పుల వైపు కనిపించే అంకె. ఆ డబ్బు ఎక్కడుందో తెలియాలంటే ఆస్తుల వైపు చూడాలి. నేను లెక్కలు చూసే ఒక చిన్న ప్రైవేటు లిమిటెడ్ కంపెనీకి పోయినేడు పన్నులు పోను 40 లక్షల లాభం వచ్చింది. అందులో 22 లక్షలు డీలర్ల దగ్గర బాకీలు, 14 లక్షలు గోడౌన్‌లో సరుకు. బ్యాంకులో మిగిలింది 4 లక్షలే. వాటాదారులైన అన్నదమ్ముల్లో చిన్నాయన సగం పంచమని పట్టుబట్టాడు. పంచాలంటే బ్యాంకులో ఓవర్‌డ్రాఫ్ట్ అప్పు తీయాలి, ఎందుకంటే డివిడెండ్ ప్రకటించిన 5 రోజుల్లో ఆ మొత్తాన్ని విడి బ్యాంకు ఖాతాలో వేయాలని కంపెనీల చట్టం చెబుతోంది. పైగా 2020 ఏప్రిల్ నుంచి డివిడెండ్ తీసుకున్నవాళ్ల ఆదాయంలో కలుస్తుంది, వాళ్ల శ్లాబును బట్టి పన్ను పడుతుంది. ఈ పన్ను సంగతి చెప్పాకే ఆయన కాస్త తగ్గాడు! అయితే అమ్మకాలు ఎక్కడివక్కడే ఉండి, వ్యాపారానికి అక్కర్లేని డబ్బు ఏళ్ల తరబడి ఎఫ్‌డీల్లో మూలుగుతుంటే మాత్రం మీ కోపం న్యాయమే, అలాంటి చోట వాటాదారుల వార్షిక సమావేశంలో నిలదీయాల్సిందే.