58 సెంట్లంటే 58 శాతమేనా?

ఎన్‌బీఏ సీజన్ వచ్చిందంటే బెంగళూరులో మన తెలుగు ఐటీ కుర్రాళ్ల గ్రూపుల్లో రెండు స్క్రీన్‌షాట్లు జంటగా తిరుగుతుంటాయి. ఒకటి బుక్‌మేకర్ ఆడ్స్, రెండోది, ఏం జరుగుతుందన్న దానిపై కాంట్రాక్టులు కొని అమ్మే అమెరికాలోని కల్షీ ఎక్స్ఛేంజ్‌లో అదే మ్యాచ్ కాంట్రాక్ట్ ధర. "బుకీ దగ్గర 60 శాతం, మార్కెట్లో 58కే దొరుకుతోంది" అని కింద ఒక ముక్క. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది కాబట్టి ఇక్కడ వీళ్లు కొనేదేమీ ఉండకూడదు. కానీ ఆ ముక్కలో లెక్క కూడా తప్పే.

ఒక ఊహా మ్యాచ్ చూద్దాం. బుక్‌మేకర్ ఒక జట్టుకి 1.67, రెండో జట్టుకి 2.30 ఇస్తున్నాడు, అంటే ఒకటి పెట్టి గెలిస్తే చేతికి అంత తిరిగొస్తుంది. ఒకటిని ఈ అంకెలతో భాగిస్తే 59.9, 43.5 శాతం వస్తాయి. కలిపితే 103.4. వందకి పైనున్నది బుకీ మార్జిన్. 59.9ని 103.4తో భాగిస్తే మొదటి జట్టు గెలుపు అవకాశంపై అతని అసలు అంచనా బయటపడుతుంది: దాదాపు 58 శాతం.

కల్షీలో ఆ మొదటి జట్టు గెలిస్తే దాని కాంట్రాక్ట్‌కి ఒక డాలర్, ఓడితే సున్నా. అమ్మేవాళ్లు 58 సెంట్లు అడుగుతున్నారు, కొనేవాళ్లు 57 ఇస్తామంటున్నారు అనుకుందాం. మార్కెట్ అంచనా ఆ రెంటి మధ్య, 57.5 దగ్గర ఉంది. అంటే అంచనాలో బుకీకీ మార్కెట్‌కీ పెద్ద తేడా లేదు.

ఇక ఖర్చు. అప్పటికప్పుడు కొనే ఆర్డర్లకు కల్షీ సాధారణ ఫీజు సూత్రం ఇది:

```
0.07 × P × (1 − P)
```

P అంటే డాలర్లలో ధర. 0.58 పెడితే కాంట్రాక్ట్‌కి 1.7 సెంట్లు. చేతికొచ్చేసరికి ధర 59.7. బుకీ దగ్గర నష్టం రాకుండా ఉండాలంటే 59.9 శాతం సార్లు గెలవాలి, ఇక్కడ 59.7. రెండు శాతం అనుకున్న మిగులు 0.2కి కరిగింది. మధ్యలో అమ్మేస్తే ఫీజు మళ్లీ పడుతుంది, ఆ 0.2 కూడా పోతుంది.

పొరపాటంతా బుకీ మార్జిన్ ఉన్న అంకెని, ఫీజు కలపని ధరతో పోల్చడంలో ఉంది. అంచనాని అంచనాతో, ఖర్చుని ఖర్చుతో పోల్చాలి. ఫీజు 50 సెంట్ల దగ్గర 1.75 సెంట్లతో గరిష్ఠం, 95 దగ్గర సెంటులో మూడో వంతే. అయితే అక్కడ వచ్చే లాభమే 5 సెంట్లు, అందులో 6.65 శాతం ఫీజుకే పోతుంది. పైకి చవకగా కనిపించేది ఇక్కడే.

57కే ఆర్డర్ పెట్టి కూర్చుంటే ఫీజు తక్కువ, చాలా చోట్ల ఉండదు కూడా. నా అనుమానమల్లా ఎదుటివాడి మీదే. ముఖ్య ఆటగాడికి గాయమన్న వార్త ముందు విన్నవాడు ఆ ఆర్డర్‌కే అమ్మేసి పోతాడు. వార్త జట్టుకి అనుకూలమైతే మాత్రం 57కి అమ్మేవాడే ఉండడు.