పది కిలోలు తగ్గితే దాంపత్యం బాగుపడదు

"పెళ్లయి ఇరవై ఏళ్లు దాటాక మొగుడు దూరం జరిగాడంటే ఆడది ఒళ్లు పట్టించుకోకపోవడమే కారణం. ఒక పది కిలోలు తగ్గండి, అన్నీ చక్కబడతాయి. అసలు ఇన్నేళ్లు కాపురం చేశాక భర్త ముందు సిగ్గేంటి? భర్తలకూ ఒక మాట: రోజూ 'నువ్వు అందంగా ఉన్నావు' అనండి, సగం సమస్య పోతుంది. అయినా నలభై అయిదు దాటాక ఇవన్నీ ఎందుకు? పిల్లల పెళ్లిళ్ల సంగతి చూసుకోండి."

నేను భార్యాభర్తలకు కౌన్సెలింగ్ చేస్తాను. ఇవే మాటలు ఫ్యామిలీ గ్రూపుల్లో తిరిగి తిరిగి వస్తున్నాయి. అవి చదివి, తప్పంతా తమదేనని నమ్మి వచ్చిన ఆడవాళ్లను చూస్తున్నాను కాబట్టి ఒక్కో మాటకూ జవాబు చెప్పాలనిపించింది. ఒక జంట సంగతి చెబుతూ వెళ్తాను. ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.

ఆమెకు 44 ఏళ్లు, ఆయనకు 49. గుంటూరు దగ్గర ఊరు. రెండు సిజేరియన్లు. ఆమె రోజూ వంటగది గట్టు తుడిచి, పాలు తోడుపెట్టి, పొద్దుటికి కూరగాయలు కూడా తరిగిపెట్టుకుని, ఆయన గురక వినిపించాకే గదిలోకి వెళ్లేది. మెడ నుంచి పాదాల దాకా నైటీ. లైటు ఆర్పేసి గోడ వైపు తిరిగి పడుకునేది. ఎప్పుడైనా ఆయన చెయ్యి పొట్ట మీద పడితే దాన్ని తీసి భుజం మీద పెట్టుకునేది. 'ఈవిడకి ఇష్టం లేదు' అని ఆయన అనుకున్నాడు. కొన్నాళ్లకు హాల్లో టీవీ ముందే నిద్రపోవడం మొదలుపెట్టాడు. 'నా పొట్ట చూసే ఆయనకి మనసు విరిగింది' అని ఆమె అనుకుంది. రెండేళ్లు ఇలాగే గడిచింది. ఎవరూ నోరు విప్పలేదు.

మొదటి మాట సంగతి ఇక్కడే తేలిపోతుంది. ఆయన్ని విడిగా కూర్చోబెట్టి అడిగితే అసలు విషయం బయటికి వచ్చింది. ఆయనకు ఆరేళ్లుగా షుగర్ ఉంది, మాత్రలు గుర్తొచ్చినప్పుడు వేసుకుంటాడు. మూడు నెలల సగటు చూపించే రక్తపరీక్షలో 9 దాటింది. రెండు మూడుసార్లు అంగస్తంభన మధ్యలో ఆగిపోయింది. మళ్లీ అలాగే అవుతుందేమోనన్న టెన్షన్‌తో అసలు దగ్గరికే వెళ్లడం మానేశాడు. తన పొట్ట చూసుకుంటే తనకే రోత అని, రాత్రిళ్లు ఆమె ముందు బనియన్ తియ్యనని కూడా చెప్పాడు. ఇది మగవాళ్లలో నేను తరచుగా చూసే సిగ్గు. దాన్ని వాళ్లు సిగ్గు అని ఒప్పుకోరు. 'పని ఎక్కువైంది', 'నడుం నొప్పి' అంటారు.

స్తంభన జరగాలంటే రక్తనాళాలూ నరాలూ బాగుండాలి. అదుపు తప్పిన షుగర్, బీపీ, పొగతాగడం ఆ రెంటినీ దెబ్బతీస్తాయి. ఆ భాగానికి వెళ్లే రక్తనాళాలు గుండెకు వెళ్లేవాటికన్నా సన్నవి కాబట్టి, గుండె జబ్బు లక్షణాలు కనిపించడానికి కొన్నేళ్ల ముందే ఇక్కడ తేడా రావచ్చు. అందుకే ఈ సమస్యతో వచ్చిన నడివయసు మగవాణ్ని డాక్టర్లు షుగర్, బీపీ, కొలెస్ట్రాల్, గుండె పరీక్షలు చేయించుకోమంటారు. కొన్ని బీపీ మందులూ, డిప్రెషన్ మందులూ కూడా కారణం కావచ్చు. అలాగని వాటిని సొంతంగా ఆపకూడదు, రాసిన డాక్టర్‌తో మాట్లాడి మార్పించుకోవాలి. ఆయన రక్తనాళాల్లో ఉన్న జబ్బును ఆమె రెండేళ్లపాటు తన పొట్ట మీద తీర్పుగా మోసింది. ఆ మెసేజ్ ఆ తీర్పుకి రాజముద్ర వేసింది.

ఇక బరువు. ఆమె ఆ పని కూడా చేసింది. రాత్రి భోజనం మానేసి ఆరు నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గింది. చీర కట్టుకుంటే చుట్టాలు మెచ్చుకున్నారు. గదిలో మాత్రం సిగ్గు పెరిగింది. కొవ్వు తగ్గేసరికి కుట్ల పైన చర్మం ఇంకా వేలాడింది. బొడ్డు చుట్టూ ఉబ్బు అలాగే ఉంది. నేను ఆమెను ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపాను. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, తల కొంచెం పైకెత్తమని, బొడ్డు పైనా కిందా వేళ్లు పెట్టి చూశారు. పొట్ట మధ్యగీత దగ్గర రెండు వైపుల కండరాల మధ్య మూడు వేళ్లు పట్టేంత ఖాళీ ఉంది. గర్భంతో సాగిన ఆ మధ్యపొర మళ్లీ బిగుసుకోలేదన్నమాట. రెండు వేళ్లు దాటితే దాన్ని కండరాల ఎడంగా లెక్కిస్తారు. దానికీ తిండికీ సంబంధం లేదు, పస్తులుంటే అది పూడదు. లోపలి పొట్ట కండరాలను, కటి కండరాలను ఊపిరితో పాటు బిగించే వ్యాయామాలు ఉన్నాయి. వాటితో పొట్టకు పట్టు వస్తుంది, ఖాళీ కొంత తగ్గవచ్చు, పూర్తిగా పోకపోవచ్చు. ఈ సంగతి తెలియక ఆమె యూట్యూబ్ చూసి రోజూ లేచి కూర్చునే పొట్ట వ్యాయామాలు చేసింది. పొట్ట మధ్యలో గూడులా పైకి పొడుచుకొస్తుంటే ఆ వ్యాయామం తనకు సరిపడడం లేదని అర్థం. ఉబ్బు గట్టిగా ఉన్నా, నొప్పి పెట్టినా, దగ్గితే పొడుచుకొచ్చినా అది హెర్నియా కావచ్చు. సర్జన్‌కి చూపించాలి.

అమెరికాలో కొత్త దంపతుల మీద జరిపి 2010లో ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది. భార్య తన ఆకర్షణ గురించి తాను ఏమనుకుంటుందన్నదానికీ దంపతులిద్దరి తృప్తికీ సంబంధం కనిపించింది. బరువును లెక్కలోంచి తీసేసి చూసినా ఆ సంబంధం నిలబడింది. షుగర్‌కీ మోకాళ్లకీ బరువు తగ్గడం మంచిదే. దాన్ని పడకగదికి ప్రవేశపరీక్షగా పెట్టుకున్నప్పుడే తంటా. తగ్గేదాకా దగ్గరికి రావద్దని తనకు తానే షరతు పెట్టుకుంటారు. తగ్గాక ఆ సిగ్గు పొట్ట మీంచి వేలాడే చర్మం మీదికీ, అక్కణ్నుంచి మెడ మీదికీ మారుతుంది.

మూడో మాట, 'ఇన్నేళ్లు కాపురం చేశాక సిగ్గేంటి' అన్నదానికి. కొత్తగా పెళ్లయిన అమ్మాయికి ఎదుటివాడు ఏమనుకుంటాడో అన్న భయమే ఉంటుంది. ఇరవై ఏళ్ల తర్వాత దానికి పోలిక తోడవుతుంది. ఆయన తనను పాతికేళ్లప్పుడు చూశాడు. బీరువాలో పెళ్లి ఆల్బమ్ ఉంది, అప్పటి జాకెట్టు ఉంది, కనబడ్డప్పుడల్లా 'ఎంత ఒళ్లు చేశావే' అనే ఆడపడుచు ఉంది. కాబట్టి ఎక్కువ ఏళ్లు కలిసి ఉండడం వల్ల సిగ్గు దానంతటదే పోదు.

ఆ సిగ్గు పనిచేసే తీరును మాస్టర్స్, జాన్సన్ అనే అమెరికన్ పరిశోధకులు 1970లోనే వర్ణించారు. మనిషి తన శరీరంలో ఉండకుండా పక్కన నిలబడి తనను తానే చూసుకుంటాడని వాళ్లు చెప్పారు. ఆమె మాటల్లో అయితే: "ఆయన చెయ్యి ఎక్కడుందో నాకు తెలీదు మేడం. ఈ పక్కకి తిరిగితే పొట్ట ఎలా కనబడుతుందో అదే ఆలోచిస్తుంటాను." ఆ కాసేపూ ఆమె పొట్ట లోపలికి లాగి ఊపిరి బిగబట్టి ఉండేది. అలా బిగబడితే కటి కండరాలు కూడా బిగుసుకుంటాయి. ధ్యాస స్పర్శ మీద లేకపోతే ఉద్రేకం రాదు, తడి రాదు, కలయిక నొప్పి పెడుతుంది. ఆ నొప్పితో 'నా ఒళ్లు ఇక పనికిరాదు' అన్న నమ్మకం ఇంకా గట్టిపడుతుంది. ప్రేమ తక్కువై ఇదంతా జరగలేదు. ఆమెకు ఆయనంటే ప్రాణం.

మెచ్చుకోలు మాట చెడ్డదేమీ కాదు, మనస్ఫూర్తిగా అంటే వినడానికి బాగుంటుంది. దాన్ని మందులా వాడితేనే చిక్కు. ఆయన ఆ మెసేజ్ చదివి వారం రోజులు 'అందంగా ఉన్నావు' అన్నాడు. "నన్ను ఓదారుస్తున్నారు, అంటే నిజంగానే బాలేనన్నమాట" అని ఆమె అనుకుంది. తనను పక్కన నిలబడి చూసుకుంటున్న మనిషికి పొగడ్త దొరికినా చూడడం ఆగదు, మార్కులు మాత్రమే మారతాయి. కావలసింది ఆ చూపు ఆగడం. దానికి మాస్టర్స్, జాన్సన్‌లే ఒక అభ్యాసం రూపొందించారు. ఇప్పటికీ దంపతుల చికిత్సలో వాడుతున్నాం.

వాళ్లిద్దరికీ నేను చెప్పిన పద్ధతి ఇది. కొన్ని వారాలపాటు కలయిక పూర్తిగా బంద్. రొమ్ములు, జననాంగాలు ముట్టుకోకూడదు. వారానికి రెండుసార్లు, తలుపు గడియ పెట్టి, ఫోన్లు బయట వదిలేసి, ఒకరు పది పదిహేను నిమిషాలు తాకాలి, రెండోవాళ్లు ఊరికే ఉండాలి, తర్వాత వంతు మారాలి. ఎదుటివాళ్లను మెప్పించాలనో ఉద్రేకపరచాలనో తాకకూడదు. చర్మం వెచ్చగా ఉందా, చల్లగా ఉందా, గరుకా, నునుపా, ఒత్తిడి ఎంత అన్నదాని మీదే ధ్యాస. ఆలోచన పొట్ట మీదికి పోతే తిట్టుకోకుండా మళ్లీ చేతి దగ్గరికి తీసుకురావాలి. నచ్చని చోట నోటితో చెప్పలేకపోతే ఆయన చేతి మీద తన చెయ్యి వేసి పక్కకు జరపొచ్చు. మొదట నైటీతోనే, మూలన చిన్న లైటుతో. పొట్ట ఆఖరున. ఇబ్బంది అనిపిస్తే వెనకటి మెట్టుకి వెళ్లాలి. తర్వాతి దశల్లోనే రొమ్ములు, జననాంగాలు, చివరగా కలయిక.

బంద్ వల్ల ఆయనకి స్తంభన పరీక్ష తప్పింది, ఆమెకు 'దీని తర్వాత అదీ తప్పదు' అన్న బెదురు తప్పింది. ఇక్కడ మామూలుగా జరిగే పొరపాటు ఏమిటంటే, ఒక రాత్రి బాగా అనిపించి నియమం దాటేస్తారు. వీళ్లూ మూడో వారం దాటారు, ఆయనకి మళ్లీ మధ్యలో ఆగింది, ఇద్దరూ పది రోజులు ముభావంగా ఉన్నారు. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాం. ఈలోగా ఆయన తన షుగర్ సంగతి, ఆ రెండు మూడు రాత్రుల సంగతి ఆమెకు నోరు తెరిచి చెప్పాడు. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "మరి నాతో ముందే అంటే ఏమయ్యేదండీ?"

వయసు గురించి ఎక్కువ చెప్పను. నెలసరి ఆగే ముందూ తర్వాతా ఈస్ట్రోజన్ తగ్గి యోని పొడిబారుతుంది, పలచబడుతుంది. కొవ్వు తొడల కన్నా పొట్ట దగ్గర చేరుతుంది. ఇది హార్మోను మార్పు, నిర్లక్ష్యం కాదు. పొడిదనానికి మందుల షాపులో నీటి ఆధారిత జెల్ దొరుకుతుంది. చాలకపోతే గైనకాలజిస్టు తక్కువ మోతాదు ఈస్ట్రోజన్ క్రీమ్ రాస్తారు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు ముందు క్యాన్సర్ డాక్టర్‌ని అడగాలి. కలయిక నొప్పి పెడుతున్నవాళ్లు ఏ అభ్యాసమైనా మొదలుపెట్టేముందు ఆ నొప్పికి కారణం చూపించుకోవాలి. నొప్పిని ఓర్చుకోవడం భార్య ధర్మం అనుకునే ఇళ్లు ఇంకా చాలా ఉన్నాయి, అందుకే ఈ ముక్క నొక్కి చెబుతున్నాను.

ఆ జంట ఎనిమిది నెలలు వచ్చారు. ఆయన షుగర్ 7 దగ్గరికి దిగింది. స్తంభన కోసం డాక్టర్ రాసిన మాత్ర ఒక్కోసారి వాడతాడు. గుండె జబ్బుకి నైట్రేట్ మందులు వాడేవాళ్లకి ఆ మాత్ర ప్రమాదం కాబట్టి దాన్ని డాక్టర్‌ని అడగకుండా కొనకూడదు. ఆమె పొట్ట పెద్దగా మారలేదు. ఇప్పటికీ లైటు పూర్తిగా వేసి ఉంటే ఇష్టపడదు, మూలన చిన్న లైటు చాలంటుంది. ఆయన చేతిని మాత్రం పక్కకి తియ్యడం లేదు.

ఒక రకం ఇళ్లకి ఇదేదీ వర్తించదు. భర్తే నలుగురి ముందు భార్యను 'గున్నఏనుగు' అంటూ, పక్కింటి ఆవిడతో పోలుస్తూ, గదిలోకి వచ్చి హక్కు అడిగితే, ఆమె సిగ్గుకి చికిత్స ఆమెకు చేసేది కాదు. అలాంటి జంటకి నేను ఈ స్పర్శ అభ్యాసం ఇవ్వను. ముందు ఆ మాటలు ఆగాలని భర్తతోనే పని మొదలుపెడతాను. ఆయన రానంటే ఆమెతో ఒంటరిగా మాట్లాడతాను. ఎవరితో చెప్పుకోవాలో తెలియనివాళ్లు 14416కి ఫోన్ చేయొచ్చు. అది ప్రభుత్వ టెలీ మానస్ లైన్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.