మొహెంజొదారో మురుగు కాలువ: వాటం, మూత, పూడిక

సింధు లోయ నగరాలు అనగానే ముందుగా వినిపించేది గళ్లుగా గీసినట్టున్న వీధుల మాట. అది సగమే నిజం. క్రీ.పూ. 2600 - 1900 మధ్య వెలిగిన మొహెంజొదారోలో పెద్ద వీధులు ఉత్తర దక్షిణాలుగా దాదాపు తిన్నగా సాగుతాయి. వెడల్పాటివి సుమారు 9 మీటర్లు ఉంటాయి. కానీ వాటిలోంచి చీలే సందులు చాలాచోట్ల మలుపులు తిరుగుతూ ఇరుకిరుకుగా వెళ్తాయి. ఆ ఊరి ప్రణాళికను వీధుల గీతల్లో కన్నా సందుల కింది కాలువల్లో వెతకాలన్నది నా అభిప్రాయం. గీత వంకరగా ఉన్నా ఊరు నడుస్తుంది. నీటికి వాటం తప్పితే మాత్రం నడవదు.

ముందు ఇటుక సంగతి. ఇళ్లకు వాడిన కాల్చిన ఇటుక సుమారు 7 సెం.మీ. మందం, 14 సెం.మీ. వెడల్పు, 28 సెం.మీ. పొడవు ఉంటుంది. అంటే 1:2:4. రెండు ఇటుకల్ని అడ్డంగా పక్కపక్కన పెడితే సరిగ్గా ఒక ఇటుక పొడవు వస్తుంది. కాబట్టి ఒక వరసను నిలువుగా, పై వరసను అడ్డంగా పేర్చుకుంటూ పోతే అతుకు మీద అతుకు పడదు, గోడ చీలదు. ఈ కొలతే కాలువ కట్టడానికీ పనికొచ్చింది. అడుగున ఇటుకలు పరిచి, రెండు పక్కలా కొన్ని వరసలు లేపి, బంకమట్టితో అతికితే కాలువ తయారు. పైన విడి ఇటుకలో రాతి పలకలో పరిచేవారు. వాటిని సున్నంతో బిగించకపోవడమే ఇందులోని తెలివి. పూడిక తీయాలంటే మూత లేవాలి కదా.

ఇంట్లో స్నానాల గదికి నేల ఒక మూలకు వాలుగా ఉంటుంది. ఇటుకల అంచుల్ని అరగదీసి, సందు కనిపించనంత దగ్గరగా పేర్చారు. నీళ్లు గోడలోని తూము గుండా సందులోకి వస్తాయి. మేడ మీది నీళ్లకైతే గోడలోనే నిలువు దారో, కాల్చిన మట్టి గొట్టాలో ఉండేవి. చాలా ఇళ్ల దగ్గర ఆ నీళ్లు నేరుగా వీధి కాలువలో పడవు. ముందు గోడ పక్కనున్న చిన్న ఇటుక గుంతలోకి చేరతాయి. బరువైన చెత్త అక్కడే అడుగుకు దిగి, పైతేట నీరు కాలువలోకి పొర్లుతుంది. కాలువ దగ్గరలో లేని ఇళ్లకు సందులో పాతిన పెద్ద కుండే దిక్కు.

వాటం లెక్క చూద్దాం. కాలువలు మీటరుకు సుమారు 2 సెం.మీ. దిగేలా కట్టినట్టు కొలతలు చెబుతున్నాయి. నేల చదునుగా ఉందనుకుంటే 50 మీటర్ల సందు చివరికి కాలువ అడుగు ఒక మీటరు కిందికి పోతుంది. మొదట్లోనే అర మీటరు లోతుంటే చివర ఒకటిన్నర మీటరు అవుతుంది. అంత లోతున పూడిక తీయడం కష్టం. అందుకే పొడవైన కాలువల మధ్యలో, కాలువలు కలిసే చోట పెద్ద గుంతలు కనిపిస్తాయి. కొన్నింటిలోకి దిగడానికి మెట్లున్నాయి. మలుపుల దగ్గర నీరు మూలకు కొట్టుకుని మట్టి దింపకుండా ఇటుకల్ని వంపుగా పేర్చారు. ఏడాదికి పెద్దగా వాన పడని ఆ ప్రాంతంలో ఇవి ముఖ్యంగా వాడుక నీటి కాలువలు. ధారాళంగా కొట్టుకుపోయే ప్రవాహం లేదు కాబట్టి పూడిక పేరుకోవడం ఖాయం, మనిషి చెయ్యి పడటం తప్పనిసరి.

అసలు చిక్కు వీధి మట్టం పెరగడంతో వచ్చింది. పాత గోడలు కూల్చి వాటి మీదే కొత్త ఇళ్లు కట్టారు, సందుల్లో మట్టీ చెత్తా చేరాయి. సిమెంటు రోడ్డు మీద మళ్లీ సిమెంటు రోడ్డు వేసి ఇళ్ల గడపలు పల్లమైపోయిన మన వీధులు తెలిసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. వీధి పెరిగితే కాలువ పక్క గోడల మీద మరికొన్ని వరసలు లేపారు, లేదా పాతదాన్ని వదిలి పైన కొత్తది కట్టారు. బావులదీ అదే తీరు. ఒక వైపు సన్నగా ఉండే ఇటుకలతో గుండ్రంగా కట్టిన వాటి గోడల్ని తరతరాలుగా పైకి పెంచుతూ పోయారు. తవ్వకాల్లో చుట్టూ మట్టి తీసేశాక అవి ఇప్పుడు బురుజుల్లా నిలబడి ఉన్నాయి.

కాబట్టి ఒక కాలువ గోడలో అతుకుపడ్డ వరసల్ని చూస్తే, అక్కడ ఎన్నిసార్లు మరమ్మతు జరిగిందో కొంతవరకు చదవొచ్చు. చివరి పొరల్లో ఆ శ్రద్ధ సన్నగిల్లింది. నాసిరకం గోడలు వచ్చాయి, ఇళ్లు చిన్న గదులుగా విడిపోయాయి, ఒకచోట కుమ్మరి బట్టీ ఏకంగా వీధిలోనే వెలిసింది. ఇటుక కాల్చే పనితనం పోయిందని దీనర్థం కాదు. వీధిని అందరిదిగా కాపాడే అధికారమో కట్టుబాటో అక్కడ సడలిందని నేను చదువుకుంటాను.