కొట్టివేతకు మార్కులా!

దస్తూరి బాగాలేని పేపర్లు దిద్దడానికి కొందరు నానా యాతన పడుతుంటారు. నా పద్ధతిలో అంత శ్రమ లేదు. పేపరును చేతికందినంత దూరంలో పట్టుకుంటాను. ముత్యాల్లాంటి అక్షరాలు కనిపిస్తే విషయం ఉన్నట్టే, కోడి గెలికినట్టుంటే లేనట్టే. చదవడమంటారా, తీరికుంటే చూద్దాం.

దీనికి అడ్డల్లా వాల్యుయేషన్ స్కీమే. కొట్టేసిన జవాబుకు బదులు మరొకటి రాసుంటే కొత్తదాన్నే దిద్దాలని, ఏమీ రాయకపోతే కొట్టేసినదాన్నే చదవగలిగినంత మేర దిద్దాలని చాలా స్కీముల్లో ఉంటుంది. విద్యార్థే వద్దనుకున్నదాన్ని మనం నెత్తిన పెట్టుకోవడమేమిటి?

మొన్నటి ఘోరం వినండి. తొలి వేగం సెకనుకు 4 మీటర్లు, త్వరణం 3, కాలం 5 సెకన్లు, దూరమెంత? 5 మార్కుల లెక్క. సూత్రానికి 1, విలువలు వేసినందుకు 2, జవాబుకు 1, ప్రమాణానికి 1. ఆ విద్యార్థి s = ut + ½at² రాశాడు, 20 + 37.5 వేశాడు, చివర్లో 57.5 మీటర్లో, 51.5 మీటర్లో తేలని అంకె ఒకటి గిలికాడు. ఆపైన మొత్తం మీద ఏటవాలుగా ఒక్క గీత గీసి ఊరుకున్నాడు. నేను నిండు మనసుతో సున్నా చుట్టాను.

చీఫ్ ఎగ్జామినర్ పేపరు వెనక్కి తెచ్చారు. "దీనికి ఇంకో జవాబు ఎక్కడైనా రాశాడా?"

"లేదండీ."

"అయితే ఇదే జవాబు. చదవండి."

సూత్రం, విలువలు, ప్రమాణం, నాలుగు మార్కులూ అక్కడికక్కడే పోయాయి, అదే, వాడికి వచ్చేశాయి. మిగిలింది ఆ అంకె. "సరైన జవాబు 57.5 కదా, ఏడే అనుకుందామా?" అన్నాను ఉదారంగా. ఆయన ఒప్పుకోలేదు. కీ చూసి అంకె చదివితే అది దిద్దడం కాదట! పై లైనులో 37.5 లోని ఏడును, ఇతర పేజీల్లోని ఒకట్లను చూపించారు. వాడి ఒకటి నిట్టనిలువు కర్ర, ఏడుకేమో తలపై చిన్న వంపు. ఇక్కడా వంపుంది. అయిదుకు అయిదు! అంత పెద్ద గీత గీసినందుకు వాడికి శిక్షే లేదు.

అన్నీ టైపు చేయిస్తే పీడా పోతుందనుకున్నాను. 1994లో అచ్చైన ఓ పరిశోధనలో ఒకే వ్యాసాలను చేతిరాతలోనూ, టైపులోనూ దిద్దించి చూస్తే, సగటున టైపుకే తక్కువ మార్కులు పడ్డాయట. చక్కటి అక్షరాల్లో తప్పులు మరీ చక్కగా కనిపిస్తాయేమో.

ఇప్పుడు కొత్త ఆజ్ఞ. బండిల్లోని పేపర్లన్నిటిలో మొదటి ప్రశ్న దిద్దాకే రెండో ప్రశ్నకు వెళ్ళాలి. అస్సలు చదవలేని మాటను ఇంకొకరికి చూపించాలి. వాళ్ళకూ అర్థం కాకపోతే ఆ మాటకే మార్కు పోవాలి తప్ప, పక్కనున్న వాక్యాలకు కాదట. మొదటి పేజీ చూసి ఏర్పరచుకున్న అభిప్రాయాన్ని చివరి పేజీదాకా భద్రంగా మోసుకెళ్ళే హక్కు కూడా ఎగ్జామినర్‌కు లేకుండా పోయింది.